ప్యాకప్ తర్వాతి షాట్

ప్యాకప్ చెప్పాక కూడా కెమెరా రోల్ అవుతూనే ఉంది. గది బయట ట్రైపాడ్, 85 ఎంఎం లెన్స్, ఎఫ్2, షట్టర్ 1/50. సగం తెరిచిన తలుపులోంచి మాస్టారు, వెనక కిటికీ వెలుగు. హార్మోనియం రీడు గీకి, తిత్తి కొట్టి, తల వంచి పెట్టె అంచుకి పళ్లు ఆనించారు. కళ్లు మూసుకున్నారు.

ఎఫ్2లో ఆయన కాస్త ముందుకు జరిగినా ఫోకస్ పోతుంది. రమ్య వేళ్లు రింగు మీదే ఉన్నాయి. 40 సెకన్లు, ఒక్కచోటా మెత్తబడలేదు.

"మాస్టారికి వినబడట్లేదే!" అన్నాడు సౌండ్ చూసే శ్రవణ్. చెవి పట్టుకోలేని శ్రుతి చెక్కలోంచి దవడ ఎముక గుండా లోపలికి చేరుతోంది. "సినిమా అంటే ఇదే. రిలీజ్ ఫారం మీద సంతకం కూడా ఉందిగా."

ఉంది. 'చిత్రీకరించిన దృశ్యాలన్నీ' అనే మాటా ఉంది. కానీ ఆయన సంతకం పెట్టింది పని చూపించడానికి. ఇప్పుడు కెమెరా ఆగిపోయిందనుకుంటున్నారు. మనుషులు బిగుసుకుపోకూడదని రికార్డింగ్ లైటు మెనూలో ఆపేసింది రమ్యే.

"మొహం బ్లర్ చేద్దాం."

"సినిమా అంతా ఆయన పేరుతోనే కదరా! బ్లర్ చేసి ఎవరి దగ్గర దాస్తాం?"

అడగడంలోనూ చిక్కుంది. సంగీతం వేసిన కట్ చూపిస్తే పెద్దాయన మొహమాటానికి ఊ అనేస్తారు. అందుకని ముందు ఆ షాట్ లేకుండా 11 నిమిషాల రఫ్ కట్ చేసింది. మధ్యలో 22 సెకన్ల గండి. ఆ తర్వాత ఒక్కతే వెళ్లి, ఎదురుగా కూర్చుని, "ఇది లేకపోయినా సినిమా పూర్తవుతుంది మాస్టారూ" అని నిదానంగా చెప్పి, క్లిప్పు ఉన్నదున్నట్టు చూపించింది.

రెండుసార్లు చూశారు. "బాగా తీశావమ్మా. నాకు పని తెచ్చేవాళ్లకి ఈ సంగతి తెలీదు. ఇంట్లోనూ తెలీదు."

"తీసేస్తాను."

"మార్కులు పోవూ?"

"పోవచ్చు."

"అయినా తీసెయ్."

కార్డులో చెరిపితే సరిపోదు. రెండు హార్డ్ డిస్కులు, ల్యాప్‌టాప్‌లో ఎడిటింగ్ కోసం చేసుకున్న ప్రాక్సీ కాపీ, ఎడిటింగ్ క్యాష్‌లో మిగిలే బొమ్మలు, రికార్డర్‌లో విడిగా ఉన్న సౌండ్ ఫైలు. ఆ చివరిదాన్ని శ్రవణ్ మూతి ముడుచుకునే చెరిపాడు.

గండి పూడ్చడానికి ఏం తీయాలో మాస్టారే చెప్పారు. "రీడు మొన గీకితే శ్రుతి పెరుగుతుంది, మొదలు దగ్గర గీకితే తగ్గుతుంది. అది చూపించు."

100 ఎంఎం మాక్రో, ఎఫ్8. మొదటి టేకులో ఇత్తడి మీద లైటు నేరుగా పడి రీడు తెల్లగా మాడిపోయింది. లైటు పక్కకి జరిపి, ముందు పల్చటి తెల్లగుడ్డ కట్టారు.

"ఇంకోసారి మొన గీకండి మాస్టారూ."

"దీన్ని గీకితే శ్రుతి దాటిపోతుంది. పాత రీడొకటి ఇస్తాను, ఎన్ని టేకులైనా తీసుకో."