డల్లాస్ ఉదయంతో మూడున్నర గంటలు కలిసేలా మా పనివేళల మార్పు: ప్రతిపాదన, నమూనా పట్టిక

ఆగస్టు 24, 2026
హైదరాబాద్

శ్రీనివాస్ గారికి,

నమస్కారం. కిందటి వారం ఫోనులో మీరు, "మీ వాళ్లు బాగానే చేస్తున్నారు, కానీ అడిగినప్పుడు దొరకరు" అన్నారు. ఆ మాట నిజమే. మా బృందం ఉదయం 9:30 నుంచి సాయంత్రం 6:30 దాకా పనిచేస్తుంది. సరిగ్గా మేం బ్యాగు సర్దుకునే 6:30కే డల్లాస్‌లో ఉదయం ఎనిమిదై మీవాళ్లు కంప్యూటర్ తెరుస్తారు. రెండు వైపులా ఎనిమిదేసి గంటలు పనిచేస్తున్నా ఉమ్మడిగా ఒక్క నిమిషం కూడా లేదు.

దీనివల్ల ఏం జరుగుతోందో సమోసాల టికెట్ చూస్తే తెలుస్తుంది. వేడి సమోసాలకు టెక్సస్ సేల్స్ టాక్స్ పడాలి, ఫ్రోజెన్ ప్యాకెట్‌కు పడకూడదు. మీ యాప్‌లో రెండూ ఒకే విభాగంలో ఉన్నాయి. ఎలా విడదీయాలని మావాళ్లు సోమవారం ఉదయం 11 గంటలకు అడిగారు. అప్పుడు మీకు అర్ధరాత్రి దాటి అరగంట. స్టోర్ మేనేజర్ పొద్దున్నే చూసి వెంటనే జవాబిచ్చారు, ఆలస్యం ఆయనది కాదు. అప్పటికి మావాళ్లు ఇళ్లకు వెళ్లిపోయారు. మంగళవారం ఆ జవాబు చదివాక ఇంకో సందేహం వచ్చింది: వేడి సమోసా, కూల్ డ్రింక్ కలిపి కాంబోగా అమ్మితే పన్ను దేని మీద? దాని జవాబు బుధవారం ఉదయం చూశారు. ఎదురెదురుగా ఉంటే పది నిమిషాల్లో తేలే మాటకు రెండు రోజులు పట్టింది. ఈలోగా ఆ డెవలపర్ వేరే పని ఎత్తుకున్నాడు. తిరిగి దీనికి వచ్చేసరికి సగం మొదటినుంచి చదువుకోవాల్సి వచ్చింది.

అందుకే, సెప్టెంబరు 8 నుంచి మా ఏడుగురిలో ఐదుగురు మధ్యాహ్నం 1 నుంచి రాత్రి 10 దాకా పనిచేస్తారని ప్రతిపాదిస్తున్నాను. మీ గడియారం ప్రకారం ఉదయం 8 నుంచి 11:30 దాకా మేం అందుబాటులో ఉంటాం. ఇది సోమవారం నుంచి గురువారం వరకే. శుక్రవారం అందరం పాత వేళల్లోనే పనిచేస్తాం. మిగిలిన ఇద్దరు, అంటే టెస్టింగ్ చూసే అనిత, సర్వర్లు చూసే ఇమ్రాన్, రోజూ ఉదయం 9:30కే వస్తారు. మీ రాత్రి ఆర్డర్లలో ఏదైనా తేడా వస్తే మీరు నిద్ర లేచేలోగా వాళ్లు పట్టుకుంటారు. ఇప్పుడున్న ఈ సౌకర్యాన్ని వదులుకోవడం నాకు ఇష్టం లేదు.

మంగళవారం ఎలా నడుస్తుందో చూడండి. వేసవి సమయం ప్రకారం మనకు పదిన్నర గంటల తేడా.

| హైదరాబాద్ | డల్లాస్ | పని |
|---|---|---|
| ఉ. 9:30 | సోమవారం రా. 11:00 | అనిత, ఇమ్రాన్: రోజు ఆర్డర్లు, చెల్లింపుల లాగ్ పరిశీలన |
| మ. 1:00 | తె. 2:30 | ఐదుగురి రాక, ఉదయం బృందం నుంచి అప్పగింత |
| మ. 1:15–సా. 6:30 | తె. 2:45–ఉ. 8:00 | కోడింగ్; సందేహాలన్నీ ఒకే పత్రంలో రాసిపెట్టడం |
| సా. 6:30 | ఉ. 8:00 | ఇరవై నిమిషాల స్టాండప్, మీ మేనేజర్‌తో |
| రా. 7:00–8:30 | ఉ. 8:30–10:00 | సందేహాలు తీర్చుకోవడం, స్క్రీన్ పంచుకుని కలిసి సరిచేయడం |
| రా. 8:30–9:00 | ఉ. 10:00–10:30 | మా భోజనం |
| రా. 9:00–9:45 | ఉ. 10:30–11:15 | డెమో. బుధవారమైతే రిలీజు |
| రా. 9:45–10:00 | ఉ. 11:15–11:30 | రేపటికి అప్పగింత నోట్ |

ఇందులో ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా ఉన్న గంటన్నరే అసలైనది. ఆ సమయంలో మీ వైపు నుంచి 'ఇలా చేయండి' అని నిర్ణయం చెప్పగల ఒక మనిషి ఉండాలి. 'కనుక్కుని చెప్తాను' అనే మనిషి కూర్చుంటే మేం రాత్రి పదిదాకా ఉండి సాధించేదేమీ ఉండదు. ఇది కాస్త నిష్ఠూరంగా అనిపించినా ముందే చెప్పడం మంచిది.

పూర్తి రాత్రి షిఫ్టు ఎందుకు కాదని మీరు అడగవచ్చు. అలా చేస్తే నాలుగు నెలలు బాగుంటుంది, ఆ తర్వాత మనుషులు మారడం మొదలవుతుంది. మీ సరుకుల లెక్కలు, పన్నుల మెలికలు తెలిసినవాళ్లు వెళ్లిపోతే కొత్తవాళ్లకు మళ్లీ సమోసాల దగ్గర నుంచి నేర్పాలి. పైగా కోడ్ రాసేవాళ్లకు ఎవరూ పిలవని కొన్ని గంటలు కూడా కావాలి. మధ్యాహ్నం పూట అవి దొరుకుతాయి.

గడియారం మార్పు సంగతి ముందే అనుకోవాలి. నవంబరు 1, ఆదివారం తెల్లవారుజామున మీ గడియారం గంట వెనక్కి వెళ్తుంది, మాది మారదు. తేడా పదకొండున్నర గంటలవుతుంది. సరిగ్గా వారానికి, 8వ తేదీన దీపావళి. మీ ఆర్డర్లు ఎక్కువగా ఉండే వారంలోనే అయోమయం పనికిరాదు. కాబట్టి నవంబరు 2 నుంచి మేం అరగంట జరిగి మధ్యాహ్నం 1:30 నుంచి రాత్రి 10:30 దాకా ఉంటాం. స్టాండప్ మీకు ఎనిమిదికే, మాకు మాత్రం 7:30కి. ఉమ్మడి సమయం మూడు గంటలకు తగ్గుతుంది. 2027 మార్చి 14న మీ గడియారం ముందుకు జరిగాక, 15 నుంచి మళ్లీ పై పట్టికే.

ఈ ఏర్పాటు అందుకోలేనిది మీ శుక్రవారం సాయంత్రం. మీ యాప్ మీద ఒత్తిడి అప్పుడే ఎక్కువ, మాకు అది శనివారం తెల్లవారుజాము. దానికి వారానికొకరి చొప్పున ఫోనులో అందుబాటులో ఉంటారు. చెల్లింపులు ఆగినా, ఆర్డరు స్టోర్‌కు చేరకపోయినా ఏ వేళైనా లేపండి. బ్యానర్ రంగు మార్చాలంటే మాత్రం సోమవారం దాకా ఆగుదాం.

గంటల రేటులో మార్పు లేదు. రాత్రి పదికి బయల్దేరేవాళ్లను, ముఖ్యంగా మహిళలను, ఇంటి గుమ్మందాకా చేర్చే బాధ్యత మాది. ఐదుగురికీ క్యాబ్, రాత్రి భోజనం కలిపి నెలకు 450 డాలర్లవుతుంది. ప్రయోగ కాలంలో అది మేమే భరిస్తాం. కొనసాగించాలని మీరు నిర్ణయిస్తే అక్టోబరు బిల్లు నుంచి విడి పద్దుగా చూపిస్తాం.

ప్రయోగం అక్టోబరు 1 దాకా. సెప్టెంబరు 7 మీకు లేబర్ డే కాబట్టి 8న మొదలుపెడదాం. 14న వినాయక చవితికి మాకు సెలవు, ఆ రోజు ఇమ్రాన్ ఒక్కడే ఫోనులో ఉంటాడు. ఫలితం తేల్చడానికి కొత్త కొలతలేమీ అక్కర్లేదు. ప్రశ్న అడిగిన సమయం, జవాబు వచ్చిన సమయం టికెట్‌లోనే ఉంటాయి. ఆగస్టు టికెట్లను, సెప్టెంబరు టికెట్లను పక్కపక్కన పెట్టి చూద్దాం. తేడా కనిపించకపోతే పాత వేళలకే వెళ్లిపోతాం, మీకు ఖర్చేమీ ఉండదు.

మీ నుంచి రెండు విషయాలు కావాలి: ఉదయం 8:30–10 మధ్య నిర్ణయాలు చెప్పే వ్యక్తి పేరు, ప్రయోగానికి మీ అంగీకారం. ఈ నెల 31, సోమవారంలోగా చెబితే క్యాబ్‌లు మాట్లాడుకోవడానికి మాకు వారం దొరుకుతుంది. మీ మేనేజర్ కోసం ఇదే పట్టికను ఇంగ్లిషులో విడిగా పంపిస్తాను.

ఇట్లు,
మాధవి
ప్రాజెక్టు మేనేజర్