పక్కింటి టీచరమ్మ గారికి

కొత్తవాడ, వరంగల్
శుక్రవారం

నమస్కారం టీచరమ్మ గారూ,

మీ పక్కనున్న ఆకుపచ్చ గేటు ఇంట్లో కొత్తగా అద్దెకు దిగింది మేమే. మీ పేరు తెలియదు. పాలాయన టీచరమ్మ అంటుంటే విని అలాగే రాస్తున్నాను, ఏమనుకోకండి. పొద్దున మీరు బడికి బయల్దేరే వేళకు నా వంట తెమలదు, సాయంత్రం మీరొచ్చేసరికి నేను మిషన్ మీద ఉంటాను. అందుకే మిమ్మల్ని ఛాయ్‌కి పిలుస్తూ ఈ ఉత్తరం మా బాబుతో పంపుతున్నా. సామాను దించిన రోజు మీరిచ్చిన చల్లటి నీళ్లకు థ్యాంక్స్ కూడా సరిగా చెప్పలేదు.

మేం సూరత్ నుంచి వచ్చాం. మా మామయ్య వాళ్లది పరకాల దగ్గర ఊరు. ఇక్కడ మగ్గం మీద కూలి గిట్టక, చిన్న వయసులోనే సూరత్ వెళ్లి పవర్‌లూమ్‌లో చేరారు. మావారు అక్కడే పుట్టి పెరిగారు. ఇప్పుడు గీసుకొండ వైపు మెగా టెక్స్‌టైల్ పార్కులో పని దొరికితే అందరం వచ్చేశాం. బాబు ఎనిమిదో తరగతి, పాప నాలుగో తరగతి. ఇద్దరూ తెలుగు గడగడా మాట్లాడతారు కానీ చదవాలంటే అక్షరం అక్షరం కూడబలుక్కుంటారు. ట్యూషన్ కోసం టీ ఆశ పెడుతోందనుకునేరు, అది కాదు!

అసలు నా టెన్షన్ మామయ్య గురించి. సొంత జిల్లాకు వచ్చానన్న సంతోషం ఉంది కానీ ఆయన దోస్తులంతా సూరత్‌లోనే ఉండిపోయారు. మన వీధి చివర జంపఖానాలు నేసే మగ్గం కనిపిస్తే దాని ముందే గంటలు గంటలు కూర్చుంటున్నారు. మీ సారుకు వీలైనప్పుడు ఆయనతో నాలుగు మాటలు మాట్లాడితే చాలు. నూలు సంగతి ఎత్తారా, ఇక ఆపడం మీ తరం కాదు.

ఈ ఆదివారం సాయంత్రం ఐదింటికి మీరూ సారూ మా ఇంటికి ఛాయ్‌కి రండి. పుదీనా, నిమ్మగడ్డి వేసి సూరత్ పద్ధతిలో పెడతాను, తోడుగా ఖాఖ్రాలనే కరకరలాడే పల్చటి రొట్టెలుంటాయి. చక్కెర విడిగా పెడతాను, ఎవరికి కావలసినంత వాళ్లు వేసుకోవచ్చు. కుర్చీలు రెండే ఉన్నాయి, అవి మీకు. మేం చాప మీద సర్దుకుంటాం.

నల్లా ఏ రోజు, ఎన్నింటికి వస్తుందో కూడా కాస్త చెప్పాలి. బతుకమ్మకు పద్మాక్షి గుట్టకు మీరు వెళ్తారా? సూరత్‌లో ఆడేవాళ్లం కానీ తంగేడు పువ్వు కోసం ఊరంతా తిరగాల్సి వచ్చేది.

ఇంకో మాట. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. రాత్రిపూట మిషన్ చప్పుడు మీకు వినిపిస్తే మొహమాటపడకుండా చెప్పండి, ముందు గదిలోకి మార్చేస్తాను.

ఆదివారం కుదరకపోతే మీకు వీలైన రోజు బాబుతో చెప్పి పంపండి.

ఇట్లు
మీ పక్కింటి లక్ష్మి