అకౌంట్స్ మాటల చిట్టా: కొత్తగా చేరినవారికి

గుంటూరు మిర్చి యార్డు వ్యాపారుల లెక్కలు చూసే మన ఆఫీసులో మొదటి నెల రోజూ చెవిన పడే మాటలివి. అక్షరక్రమంలో కాకుండా, పని ఎదురయ్యే వరుసలో రాశాం.

వోచర్: ఒక్కో లావాదేవీకి ఒక్కో కాగితం. బిల్లు గానీ కాటా చీటీ గానీ వెనక గుచ్చాలి. హమాలీ కూలికి బిల్లు రాదు కాబట్టి బస్తాల సంఖ్య, రేటు రాసి మేస్త్రీ సంతకం తీసుకోండి. ఒకే మనిషికి ఒకే రోజు నగదుగా ఇచ్చింది 10,000 దాటితే ఆదాయపు పన్ను లెక్కలో ఆ ఖర్చు చెల్లదు. లారీ కిరాయికి ఆ హద్దు 35,000. మూడు వోచర్లుగా విడగొట్టినా ఆ రోజుది కలిపే చూస్తారు. పండించిన రైతుకు పంట డబ్బు ఇవ్వడానికి మాత్రం మినహాయింపు ఉంది.

నెరేషన్: వోచర్ కింద రాసే వివరం. "పేమెంట్ చేశాం" అంటే ఆర్నెల్ల తర్వాత ఎవరికీ అర్థం కాదు. "మార్చి కోల్డ్ స్టోరేజీ అద్దె, 400 బస్తాలు, బిల్లు నం. 218" అని రాయండి.

డెబిట్, క్రెడిట్: కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. డెబిట్ అంటే ఖర్చు, క్రెడిట్ అంటే రాబడి అని బట్టీ పట్టకండి. మనకు చేరింది డెబిట్, ఇచ్చినవారి ఖాతాకు క్రెడిట్. పార్టీ 50,000 బ్యాంకులో వేస్తే మన పుస్తకంలో బ్యాంకు డెబిట్, పార్టీ క్రెడిట్. యార్డు గుమాస్తాలు "పార్టీకి జమ కట్టండి" అనేది ఈ క్రెడిట్‌నే. అదే 50,000 బ్యాంకు స్టేట్‌మెంట్‌లో క్రెడిట్ కింద కనిపిస్తుంది. ఆ డబ్బు మనకు ఆస్తి, బ్యాంకుకు మాత్రం మనకు ఇవ్వాల్సిన బాకీ. స్టేట్‌మెంట్ చూసి ఎంట్రీ వేసేటప్పుడు వైపు తిప్పాలి.

కాంట్రా: నగదుకీ బ్యాంకుకీ మధ్య, లేదా మన రెండు బ్యాంకు ఖాతాల మధ్య కదలిక. టాలీలో `F4`. చెల్లింపు `F5`, వసూలు `F6`.

జర్నల్: డబ్బు చేతులు మారని సర్దుబాటు, `F7`. తరుగుదల, రావలసిన బిల్లుల ప్రొవిజన్ ఇందులోకే.

డెబిట్ నోట్: కొన్న సరుకు వెనక్కి పంపినప్పుడు మనం పార్టీకి ఇచ్చేది. 100 బస్తాల్లో 6 తాలుకాయ వస్తే ఆ ఆరింటి విలువకు రాస్తాం. అవతలివారి క్రెడిట్ నోట్ కూడా రావాలి. వచ్చేదాకా ఫైలు మూయకండి.

ఐటీసీ: కొనుగోలు మీద కట్టిన జీఎస్టీని అమ్మకం మీది జీఎస్టీలో తగ్గించుకోవడం. నెల 14న వచ్చే `GSTR-2B`లో బిల్లు కనిపిస్తేనే తీసుకోవాలి. ముందుగా బిల్లుపై జీఎస్టీ నంబరు మొదటి రెండంకెలు చూడండి. 37 అంటే ఆంధ్రప్రదేశ్, 36 అంటే తెలంగాణ. విజయవాడలో కొని ఇక్కడికి తెచ్చుకున్న సరుకుకు సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ ఉండాలి. ఖమ్మం నుంచి వచ్చినదానికి ఐజీఎస్టీ ఉండాలి. తేడా ఉంటే ఎంట్రీ వేయక ముందే బిల్లు మార్పించండి.

టీడీఎస్: చెల్లించేటప్పుడే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను. ఏడాదిలో ఒకరి కమిషన్ 20,000 దాటితే 2 శాతం. 30,000 కమిషన్‌లో 600 పట్టుకుని 29,400 ఇస్తాం. మరుసటి నెల 7లోగా కట్టాలి, మార్చిది ఏప్రిల్ 30లోగా. పట్టుకోవడం మరిస్తే ఆ ఖర్చులో 30 శాతం ఆ ఏడు పన్ను లెక్కలో చెల్లదు.

బీఆర్‌ఎస్: మన బ్యాంకు పుస్తకాన్నీ స్టేట్‌మెంట్‌నీ కలిపి చూపే పట్టిక. పుస్తకంలో నిల్వ 1,61,500. మనం ఇచ్చినా ఇంకా బ్యాంకుకు రాని చెక్కు 24,000 కలపండి. బ్యాంకు కోసుకున్న చార్జీ 590 తీసేయండి. స్టేట్‌మెంట్‌లో 1,84,910 ఉండాలి. 590కి వెంటనే ఎంట్రీ వేయాలి, చెక్కుకు వద్దు. చెక్కు తేదీ నుంచి మూడు నెలలు దాటితే అది చెల్లదు, పార్టీని అడిగి రద్దు చేయండి.

సస్పెన్స్: ఎవరు వేశారో తెలియని డబ్బుకు తాత్కాలిక ఖాతా. నెలాఖరుకు ఇందులో నిల్వ సున్నా కావాలి.

ట్రయల్ బ్యాలెన్స్: అన్ని ఖాతాల నిల్వల జాబితా. టాలీలో రెండు వైపులూ ఎలాగూ కలుస్తాయి. కలిసినంత మాత్రాన లెక్క సరైనదని కాదు. అద్దెను కమిషన్ ఖాతాలో వేసినా కలుస్తుంది, అందుకే ఖాతాలు తెరిచి చూడాలి. పార్టీ పంపిన లెక్కతో మనది తేడా వస్తే ఆ తేడాను 9తో భాగించండి. శేషం లేకపోతే అంకెలు తారుమారయ్యాయేమో చూడాలి: 5,400 బదులు 4,500 వేస్తే తేడా 900. తేడాలో సగం మొత్తానికి ఎంట్రీ ఉంటే అది తప్పు వైపు పడి ఉండొచ్చు.

రౌండాఫ్: బిల్లులో పైసల సర్దుబాటు. ఒక్క ఎంట్రీలో రూపాయి దాటితే అది రౌండాఫ్ కాదు, ఎక్కడో తప్పు. సీనియర్‌కు చూపించండి.