సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ ఒప్పందం రద్దు నోటీసు

కూకట్‌పల్లి, హైదరాబాద్
27 జూన్ 2025

ప్రొప్రైటర్ గారికి,

విషయం: 1 ఏప్రిల్ 2024 నాటి సర్వీసు ఒప్పందం, క్లాజు 14.2 కింద రద్దు

నమస్కారం.

మా అపార్ట్‌మెంట్ ఓనర్స్ అసోసియేషన్‌కీ మీ ఏజెన్సీకీ మధ్య ఉన్న పై ఒప్పందాన్ని రద్దు చేసుకుంటున్నాం. కారణం చూపకుండానే 60 రోజుల ముందు రాతపూర్వక నోటీసుతో ఒప్పందం ముగించుకునే హక్కు క్లాజు 14.2 ఇరుపక్షాలకూ ఇస్తోంది. దాని ప్రకారం 31 ఆగస్టు 2025 రాత్రి షిఫ్టుతో మీ సేవలు ముగుస్తాయి. గడువు నోటీసు అందిన రోజు నుంచి లెక్క కాబట్టి, దీన్ని ఈ రోజే మీ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకుంటున్నాం, రిజిస్టర్డ్ పోస్టులోనూ పంపుతున్నాం.

రాత్రి డ్యూటీకి ముగ్గురు రావాల్సిన చోట ఇద్దరే వస్తున్నారని మార్చి నుంచి రాస్తూనే ఉన్నాం. అయినా ఉల్లంఘనకు సంబంధించిన క్లాజు 13 జోలికి వెళ్లడం లేదు. ఉన్న ఇద్దరూ పని బాగానే చేశారు, ఆ మాట చెప్పకపోతే అన్యాయం.

ఆగస్టు 31 వరకు సిబ్బందిని తగ్గించవద్దు. బిల్లులు ఎప్పటిలాగే చెల్లిస్తాం.

కొత్త ఏజెన్సీ మనుషులు ఆగస్టు 18 నుంచి మీ వాళ్ల పక్కనే డ్యూటీలో ఉంటారు. అన్నిటికంటే ముందు నీళ్ల సంగతి వాళ్లకు నేర్పించాలి. మంజీరా నీళ్లు ఏ రోజు వస్తాయి, సంపు నిండాక ఏ బ్లాకు మోటారు ముందు వేయాలి, బి బ్లాకు వాల్వు ఎంత తిప్పాలి అన్నది ఇప్పటిదాకా ఎక్కడా రాసి లేదు, మీ సూపర్‌వైజర్‌కు నోటికి తెలుసంతే. ఆగస్టు 10లోగా అది తెలుగులో రాయించి ఇవ్వండి. విజిటర్ రిజిస్టర్లు, జనరేటర్ లాగ్‌బుక్, లిఫ్టు రూము, టెర్రస్ తాళాలు, సీసీటీవీ పాస్‌వర్డ్ ఆగస్టు 30న ఉదయం 10 గంటలకు అసోసియేషన్ ఆఫీసులో అప్పగించాలి. పాస్‌వర్డ్ అక్కడికక్కడే మారుస్తాం. మీ స్క్రబ్బింగ్ మిషన్, వాకీటాకీలు అదే రోజు లెక్క చూసుకుని తీసుకెళ్లవచ్చు.

మీ దగ్గర పనిచేసేవాళ్లలో ఎవరైనా కొత్త ఏజెన్సీలో చేరి ఇక్కడే ఉంటామంటే అడ్డుచెప్పవద్దని కోరుతున్నాం. సెల్లార్ గదిలో ఉంటున్న కుటుంబాన్ని సెప్టెంబర్ 15 వరకు ఖాళీ చేయమని మేం అడగం.

ఆగస్టు బిల్లు సెప్టెంబర్ 5లోగా పంపండి. ఆ నెల పీఎఫ్, ఈఎస్ఐ చలాన్లు, సిబ్బందికి జీతాలు ముట్టినట్టు సంతకాల షీటు అందాకే చివరి చెల్లింపు, రూ. 50,000 సెక్యూరిటీ డిపాజిట్ విడుదల చేస్తాం. మీరు కట్టకపోతే ఆ బాకీ ప్రిన్సిపల్ ఎంప్లాయర్‌గా మా మీదికే వస్తుంది. అందుకే ఈ షరతులో సడలింపు ఉండదు. పత్రాలన్నీ సరిగా ఉంటే 15 రోజుల్లో డబ్బు మీ ఖాతాలో పడుతుంది.

అప్పగింతకు మీ తరఫున ఎవరు వస్తారో జులై 5లోగా రాతపూర్వకంగా తెలియజేయగలరు.

ఇట్లు,
కార్యదర్శి
అపార్ట్‌మెంట్ ఓనర్స్ అసోసియేషన్

ప్రతులు: అధ్యక్షుడు, కోశాధికారి