గడ్డం మీద పచ్చకర్పూరం

కథనం: తిరుపతిలో, అలిపిరికి దగ్గరగా ఉన్న ఒక ఇంటి మేడ మీద, అవ్వ చాప పరిచి దాని మీద బొంత వేసింది. మనవరాలు చిన్మయి కుడి పక్కన, అయిదేళ్ళ కార్తీక్ ఎడమ పక్కన చేరారు. ఎదురుగా కొండ మీదికి పోయే మెట్లదారి దీపాలు వరుసగా కనిపిస్తున్నాయి. పిల్లవాడు వాటిని చూస్తూ, ఆ కొండ మీద దేవుడు రాత్రిపూట ఏం చేస్తాడని అడిగాడు. అవ్వ వాడి తల నిమురుతూ కథ మొదలుపెట్టింది.

అవ్వ: రాత్రిపూట స్వామికి జోలపాడి ఏకాంతసేవ చేస్తారు నాన్నా, ఆయన కూడా నీలాగే పడుకుంటాడు. అయితే ఒకప్పుడు, పట్టపగలు, మండే ఎండలో ఆయన ఏం చేశాడో ఈ రోజు మీకు చెబుతాను. నెత్తిన తట్ట పెట్టుకొని మన్ను మోశాడు.

చిన్మయి: శ్రీనివాసుడా అవ్వా? కిరీటం మీదే తట్ట పెట్టుకున్నాడా?

అవ్వ: కిరీటం లేదు తల్లీ. ఎందుకు లేదో కథలోనే తెలుస్తుంది, విను. ఇది 900 ఏళ్ళ నాటి మాట. కావేరీ నది ఒడ్డున శ్రీరంగంలో రామానుజాచార్యులనే గొప్ప గురువుగారు ఉండేవారు. ఒకనాడు ఆయన శిష్యులకు పాశురాల అర్థం చెబుతూ, తిరుమల కొండ మీద వేంకటేశ్వరునికి పూలంటే ఎంత ఇష్టమో వర్ణించి, ఉన్నట్టుండి ఆగిపోయారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆ కొండ మీద తోట వేసి, రోజూ స్వామికి పూలమాలలు కట్టి ఇచ్చేవారు మీలో ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు. అప్పట్లో తిరుమల అంటే ఇప్పటిలా బస్సులు, సత్రాలు ఉన్న ఊరు కాదు. దట్టమైన అడవి, ఎముకలు కొరికే చలి, పులులు, పాములు. అందుకే శిష్యులంతా తలలు దించుకొని కూర్చున్నారు. అప్పుడు అనంతాళ్వారు అనే ఒక్క శిష్యుడు లేచి, చేతులు జోడించి, "నేను వెళ్తాను స్వామీ" అన్నాడు. గురువుగారు ఎంతో సంతోషించి, అతణ్ణి దగ్గరికి తీసుకొని దీవించి పంపారు.

కార్తీక్: ఒక్కడే వెళ్ళాడా?

అవ్వ: భార్యను కూడా వెంటబెట్టుకొని వెళ్ళాడు. ఆ ఇల్లాలు కూడా ధైర్యవంతురాలే. ఊరిని, అయినవాళ్ళను వదిలి, అడవిలో కాపురం పెట్టడానికి మారుమాట లేకుండా బయలుదేరిందంటే మాటలా? ఇద్దరూ ఏడుకొండలు ఎక్కి, గుడిసె వేసుకొని, నేల చదును చేసి, తులసి, చామంతి, మరువం, దవనం, సంపెంగ నాటారు. మొక్కలు నాటడంతో పని అయిపోతుందా? వాటికి రోజూ నీళ్ళు కావాలి కదా! అందుకని తోట పక్కనే చెరువు తవ్వాలని అనంతాళ్వారు నిశ్చయించుకున్నాడు. అయితే అతనికి ఒక పట్టుదల ఉండేది. ఇది గురువుగారు తనకు అప్పగించిన సేవ గనుక, తానూ తన భార్యా తప్ప మూడో మనిషి చెయ్యి ఆ మట్టికి తగలకూడదని ఒట్టు పెట్టుకున్నాడు.

కథనం: ఇక్కడ అవ్వ లేచి కూర్చొని, రెండు చేతులతో గునపం ఎత్తి దించినట్టు అభినయించింది. కార్తీక్ కూడా లేచి అలాగే చేయబోతే, నవ్వుతూ వాణ్ణి మళ్ళీ పడుకోబెట్టి దుప్పటి కప్పింది.

అవ్వ: అదిగో, అలా గునపంతో అతను నేలను పెళ్ళగించేవాడు. పెళ్ళగించిన మన్నును పారతో తట్టకు ఎత్తేవాడు. ఆమె తలమీద చుట్టకుదురు పెట్టుకొని, ఆ తట్టను ఎత్తుకొని, గట్టు దాటి దూరంగా పారబోసి తిరిగి వచ్చేది. అప్పటికి ఆమె నిండు చూలాలు. మీ అమ్మ కడుపులో కార్తీక్ ఉన్నప్పుడు, ఒక మెట్టు ఎక్కి ఒక నిమిషం నిలబడేది, చిన్మయికి గుర్తుంది కదా? అటువంటి మనిషి తడి మట్టి తట్ట మోసుకొని గట్టు ఎక్కాలి. నాలుగు అడుగులు వేయడం, నడుము మీద చెయ్యి పెట్టుకొని ఆగడం, చెమట తుడుచుకొని మళ్ళీ నాలుగు అడుగులు వేయడం. అయినా ఆమె ఒక్కనాడైనా ఇక నా వల్ల కాదని అనలేదు.

గుడిలో నిలబడి ఉన్న స్వామి ఇదంతా చూస్తూనే ఉన్నాడు. తన మెడలో వేసే పూలదండ కోసం ఒక తల్లి ఇంత కష్టపడుతుంటే ఆయన మనసు నిలవలేదు. కిరీటం, శంఖచక్రాలు అన్నీ పక్కన పెట్టి, పన్నెండేళ్ళ పిల్లవాడి రూపం దాల్చి, పంచె బిగించి, చెరువు దగ్గరికి వచ్చాడు. "అయ్యా, ఆ అమ్మ అలసిపోయింది. నేను కాసేపు మన్ను మోస్తాను" అని అనంతాళ్వారును అడిగాడు.

కార్తీక్: సరే అన్నాడా?

అవ్వ: అనలేదు. "బాబూ, ఇది మా ఇద్దరి సేవ, నువ్వు వెళ్ళి ఆడుకో" అన్నాడు. పిల్లవాడు ఊరుకోలేదు, మళ్ళీ అడిగాడు. అనంతాళ్వారుకు కోపం వచ్చి, "వెళ్ళమంటే వెళ్ళవేం?" అని గట్టిగా కసిరాడు. అప్పుడా పిల్లవాడు వెళ్ళినట్టే వెళ్ళి, గట్టు అవతల, అనంతాళ్వారు కంటికి కనబడని మలుపులో నిలబడ్డాడు. ఆమె తట్టతో రాగానే ఎదురువచ్చి, "అమ్మా, తట్ట నాకివ్వు. ఇక్కడి నుంచి నేను మోసుకుపోయి పారబోసి వస్తాను. నువ్వు ఈ రాతి మీద కూర్చో" అన్నాడు. ఆమె భయపడింది. "ఆయనకు తెలిస్తే కోప్పడతారు నాయనా" అంది. "తెలియనివ్వను" అని ఆ పిల్లవాడు అంటుండగా, ఆ ముఖంలోకి చూసిన ఆ తల్లికి కాదనడానికి నోరు రాలేదు. తట్ట చేతులు మారింది. పిల్లవాడు దాన్ని నెత్తిన పెట్టుకొని పరుగెత్తి, మన్ను పారబోసి, ఖాళీ తట్ట తెచ్చి ఆమెకు ఇచ్చాడు.

చిన్మయి: లోకాలన్నీ మోసే స్వామికి ఒక తట్ట బరువు కాదు కదా అవ్వా?

అవ్వ: బరువు కాకపోవచ్చు తల్లీ. అయినా వచ్చి మోశాడు చూడు, నాకు ఎన్నిసార్లు చెప్పుకున్నా గుండె నిండిపోయేది అక్కడే. తలుచుకుంటే ఒక్క క్షణంలో చెరువంతా తవ్వేయగలిగిన వాడు, ఆమె అడుగుల వెంట, ఆమె తట్ట అందుకొని, ఒక్కొక్క తట్టగా మోశాడు.

కాసేపటికి అనంతాళ్వారుకు అనుమానం వచ్చింది. వెళ్ళిన మనిషి ఇంత త్వరగా ఎలా తిరిగి వస్తోందని, గునపం చేతిలో పట్టుకునే గట్టు ఎక్కి చూశాడు. తాను పొమ్మన్న పిల్లవాడే తట్ట మోస్తున్నాడు! ఒట్టు భంగమైందన్న కోపంలో ముందు వెనుక చూడకుండా చేతిలోని గునపాన్ని వాడి మీదికి విసిరాడు. అది వెళ్ళి పిల్లవాడి గడ్డానికి తగిలి రక్తం చిమ్మింది.

కథనం: కార్తీక్ తన గడ్డాన్ని చేత్తో మూసుకున్నాడు. అవ్వ ఆ చేతిని తీసి, గడ్డం మీద ముద్దు పెట్టి, గొంతు ఇంకా మెత్తగా చేసుకొని చెప్పసాగింది.

అవ్వ: భయపడకు కన్నా, మంచి జరిగే చోటు దగ్గరలోనే ఉంది. పిల్లవాడు గడ్డం పట్టుకొని గుడివైపు పరుగెత్తాడు. అనంతాళ్వారు వెనకాలే వెళ్ళాడు కాని, మహాద్వారం దాటాక పిల్లవాడు ఎక్కడా కనిపించలేదు. అంతలో గర్భాలయం నుంచి అర్చకస్వాములు కంగారుగా బయటికి వచ్చారు. "స్వామి గడ్డం నుంచి రక్తం కారుతోంది!" అన్నారు. అనంతాళ్వారు లోపలికి వెళ్ళి చూశాడు. ఏ చోట గునపం తగిలిందో సరిగ్గా ఆ చోటే గాయం ఉంది. అతని కాళ్ళు తడబడ్డాయి. "నా తండ్రీ, మన్ను మోయడానికి వచ్చింది నువ్వా! నిన్నా నేను కొట్టింది!" అని స్వామి పాదాల మీద పడి ఏడ్చాడు.

కార్తీక్: స్వామికి కోపం రాలేదా?

అవ్వ: రవ్వంత కూడా రాలేదు. ఆయన అనంతాళ్వారు తోట పూల కోసం రోజూ ఎదురుచూసే వాడు, అతని మీద కోపం ఎలా వస్తుంది? చల్లగా ఉండి మంట తగ్గుతుందని, అనంతాళ్వారు పచ్చకర్పూరం తెచ్చి, వణికే వేళ్ళతో గాయం మీద మెల్లగా అద్దాడు. రక్తం ఆగిపోయింది. స్వామి చిరునవ్వు అలాగే ఉంది. ఆ తరువాత అతను ఇంటికి వెళ్ళి, అలసిపోయి కూర్చున్న భార్యను కూడా క్షమించమని అడిగి ఉంటాడని నా నమ్మకం. కథ చెప్పేవాళ్ళు ఆ మాట చెప్పరు కాని, నేను మాత్రం చెప్పకుండా ఉండలేను.

చెరువు పూర్తయింది, తోట విరగబూసింది. అనంతాళ్వారు బతికినంత కాలం ఆ పూలతో మాలలు కట్టి స్వామికి సమర్పించాడు. ఆయన పేరున్న తోట ఇప్పటికీ కొండ మీద ఉంది. కొండ మీద పూసే ప్రతి పువ్వూ స్వామిదేనని, అక్కడ ఆడవాళ్ళెవరూ తలలో పూలు పెట్టుకోరు. ఆనాటి నుంచి స్వామి గడ్డం మీద పచ్చకర్పూరపు చుక్క పెడుతూనే ఉన్నారు. తీర్థం పుచ్చుకున్నప్పుడు, లడ్డూ కొరికినప్పుడు ముక్కుకు తగిలే ఆ చల్లని వాసన కూడా పచ్చకర్పూరానిదే.

చిన్మయి: మరి ఆ గునపం ఏమైంది?

అవ్వ: మహాద్వారం లోపలికి వెళ్ళేటప్పుడు కుడిచేతి వైపు గోడకు పైన వేలాడదీసి ఉంటుంది. రేపు దర్శనానికి పోతాం కదా, జనంలో పడి ముందుకు కొట్టుకుపోకుండా అక్కడ తల ఎత్తి చూడు. కార్తీక్‌కు అందదు గనుక భుజాన ఎక్కించుకోమని మీ నాన్నకు చెబుతాను.

కార్తీక్: స్వామికి ఇప్పుడు నొప్పి లేదు కదా అవ్వా?

అవ్వ: లేదు బంగారూ, ఎప్పుడో తగ్గిపోయింది. రేపు నువ్వే గడ్డం మీద తెల్లని చుక్కను చూసి, "బాగున్నావా స్వామీ" అని అడుగు.

చిన్మయి: ఇంకొక్క కథ అవ్వా, అనంతాళ్వారుదే.

అవ్వ: ఉంది. ఆయన ప్రసాదం మూటలో చీమలు చేరితే, అవి కొండ మీది ప్రాణులని, మళ్ళీ కొండ ఎక్కి వాటిని వదిలి వచ్చిన కథ ఉంది. అది రేపు వరుసలో నిలబడినప్పుడు చెబుతాను, అక్కడ మనకు కావలసినంత తీరిక ఉంటుంది. ఇప్పుడు ఇద్దరూ నా వైపు తిరిగి కళ్ళు మూసుకోండి.