మీ కుళాయి నిమిషానికి ఎన్ని లీటర్లు?
(మా స్కూల్ ఎకో క్లబ్)

1
ముందు కొలవండి. కుళాయి పూర్తిగా తిప్పి, 10 లీటర్ల బకెట్ ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడండి. 100 సెకన్లు పట్టిందా? అంటే నిమిషానికి 6 లీటర్లు. ఈ ఒక్క అంకె తెలిస్తే మిగతా లెక్కలన్నీ మీరే వేసేయొచ్చు.

2
బ్రష్ చేసేటప్పుడు 2 నిమిషాలు కుళాయి వదిలేస్తే 12 లీటర్లు. మగ్గుతో అయితే 1 లీటరు చాలు. రోజూ 11 లీటర్లు మిగిలితే 30 రోజులకు 330! మా క్లబ్‌లో అందరం మొదలుపెట్టింది ఇక్కడే, ఎందుకంటే దీనికి పెద్దవాళ్ల పర్మిషన్ అక్కర్లేదు.

3
టప్... టప్...
కారే కుళాయి కింద రాత్రి పడుకునే ముందు ఒక గిన్నె పెట్టండి. పొద్దున లేచి, కొలత గ్లాసుతో ఆ నీళ్లు కొలవండి. రాత్రంతా చుక్క చుక్కగా చేరిన నీళ్లు అమ్మానాన్నలకు చూపిస్తే, వాషర్ మార్చాలని వాళ్లకే అనిపిస్తుంది. ఆ నీళ్లు మొక్కలకు పోయండి.

4
ఫ్లష్ ట్యాంకులో కొంచెం ఫుడ్ కలర్ వేసి, అరగంట ఫ్లష్ చేయకండి. కమోడ్‌లోకి రంగు దిగితే లీకున్నట్టే. చప్పుడు లేకుండా పోతాయి కాబట్టి ఈ నీళ్లు ఎవరి కంటా పడవు.

5
కూరగాయలు గిన్నెలో కడగండి, ఆ నీళ్లూ మొక్కలకే.

6
వారం రోజులు రాసిన మీ లెక్కల పేజీని సోమవారం క్లబ్ మీటింగ్‌కి తీసుకురండి. బోర్డు మీద అందరి లీటర్లూ కలిపి కూడదాం.