గౌట్ రోగి ఆహార అంచనా నివేదిక

పంపినవారు: జనరల్ మెడిసిన్ ఓపీ
అంచనా తేదీ: 2025 మే 12
రోగి: 47 ఏళ్ల పురుషుడు, భీమవరం దగ్గర వనామి రొయ్యల చెరువుల మీద సూపర్‌వైజరు. వారంలో ఆరు రాత్రులు చెరువు దగ్గరే.
వివరాలు చెప్పినవారు: రోగి, ఇంట్లో వంట చేసే ఆయన భార్య. ఒక పనిరోజు, ఒక ఆదివారం తిన్నవన్నీ గంటల వారీగా చెప్పించుకున్నాం. గత నెలలో ఏది ఎన్నిసార్లు తిన్నారో విడిగా అడిగాం. కూర గిన్నె, గరిటె ఇంటి నుంచి తెప్పించి కొలిచాం.

ముందుగా తేల్చిన విషయం

యూరిక్ యాసిడ్ పెరుగుతుందన్న భయంతో జనవరి నుంచి పప్పు, పాలకూర, టమాటా, పెరుగు మానేశారు. రొయ్యలు, ఎండు నెత్తళ్లు, శనివారం బీరు, రాత్రి డ్యూటీలో కూల్‌డ్రింకు మాత్రం మానలేదు. మానిన నాలుగింటిలో ఏదీ ఆయన గౌట్‌కు కారణం కాదు. కొనసాగించిన నాలుగూ కారణాలే. ఈ నివేదికలో మిగతాదంతా ఈ తారుమారును సరిదిద్దడానికే.

నొప్పుల చరిత్ర

మొదటిది 2024 జనవరి 17 తెల్లవారుజామున, ఎడమ కాలి బొటనవేలి మొదట్లో. అంతకుముందు రోజు కనుమ: మాంసం, మందు రెండూ దండిగా. రెండోది డిసెంబరులో. బరువు తగ్గాలని వీడియో చూసి రోజంతా జావ, మజ్జిగ నీళ్లతో గడిపారు. తొమ్మిదో రోజు నొప్పి వచ్చింది. మూడోది ఈ ఏప్రిల్ 6న, ఆదివారం. ముందు రోజు రాత్రి రెండు స్ట్రాంగ్ బీర్లు తాగారు, పగలంతా ఎండలో ఉన్నా నీళ్లు సరిగా తాగలేదు.

రెండోసారి మాంసం లేదు, మందు లేదు, అయినా ఎందుకు వచ్చిందని భార్య అడిగారు. కడుపు మాడ్చుకుంటే ఒంట్లో కొవ్వు కరిగి కీటోన్లు పెరుగుతాయి. అవి కిడ్నీ ద్వారా యూరిక్ యాసిడ్ బయటికి పోకుండా అడ్డుపడతాయి. ఉపవాసంతో బరువు తగ్గించే పద్ధతి ఈయనకు పనికిరాదు.

కొలతలు, పరీక్షలు

ఎత్తు 168 సెం.మీ., బరువు 86.4 కిలోలు, బీఎంఐ 30.6, నడుము 104 సెం.మీ. భారతీయులకు బీఎంఐ 25 దాటితే ఊబకాయం కిందే లెక్క, మగవారికి నడుము 90 లోపు ఉండాలి. రెండేళ్ల క్రితం బరువు 79.

యూరిక్ యాసిడ్: ఏప్రిల్ 7న 6.9, ఏప్రిల్ 24న 9.2, మే 10న 8.3 (మి.గ్రా./డెసిలీటరు). మొదటి అంకె నొప్పి తీవ్రంగా ఉన్న రోజుది. ల్యాబ్ కాగితం మీద గరిష్ఠం 7.2 అని ఉండటంతో "నార్మలే కదా" అనుకున్నారు. గౌట్ దాడి చేసిన రోజుల్లో రక్తంలో యూరిక్ యాసిడ్ తగ్గి కనిపించడం మామూలే, ఆ అంకెను బట్టి ఏదీ తేల్చకూడదు. అసలు స్థాయి 9.2. యూరిక్ యాసిడ్ దాదాపు 6.8 దాటాక కీళ్లలో స్ఫటికాలుగా పేరుకోవడం మొదలవుతుంది కాబట్టి ల్యాబ్ గరిష్ఠం ఈయనకు కొలబద్ద కాదు.

క్రియాటినిన్ 1.1, ఈజీఎఫ్‌ఆర్ 83, ట్రైగ్లిజరైడ్లు 238, హెచ్‌బీఏ1సీ 6.0. మూత్రంలో రాళ్ల చరిత్ర లేదు. చెవి తమ్మెల మీద, మోచేతుల దగ్గర గడ్డలు లేవు.

మందులు: ఏప్రిల్ 25 నుంచి అల్లోప్యూరినాల్ 100 మి.గ్రా., కాల్చిసిన్ 0.5 మి.గ్రా. రోజుకొకటి. బీపీకి టెల్మిసార్టాన్ 40తో కలిపి హైడ్రోక్లోరోథయజైడ్ 12.5.

డాక్టరు గారికి మనవి: థయజైడ్ యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది. బీపీ మాత్ర మార్చే వీలుంటే పరిశీలించగలరు. రోగి తనంతట తాను మానకూడదని గట్టిగా చెప్పాం.

ప్యూరిన్ల లెక్క

తిండిలోని ప్యూరిన్లు ఒంట్లో విరిగి యూరిక్ యాసిడ్‌గా మారతాయి. కింది అంకెలు జపాన్ ఆహార పట్టికల నుంచి తీసుకున్నవి, పచ్చి పదార్థానికి వర్తిస్తాయి, ఉజ్జాయింపుగానే చూడాలి. రోజుకు 400 మి.గ్రా. లోపు అన్నది అక్కడి మార్గదర్శకాల్లోని హద్దు.

పనిరోజున బియ్యం 220 గ్రాములతో 57, ఇడ్లీలోని మినప్పప్పుతో 25, కూరగాయలతో 20 మి.గ్రా. ఇక్కడిదాకా వంద. రాత్రి రొయ్యల ఇగురులో ఒలిచిన రొయ్యలు 150 గ్రాములు పడుతున్నాయి, వాటితో ఇంకో 300. అంటే ఒక్క కూరతోనే రోజు హద్దు నిండిపోతోంది. చెరువు మీద రొయ్యకు ఖర్చు లేదు కనుక ఈ కూర వారానికి నాలుగైదు రాత్రులు ఉంటోంది. ఎండు నెత్తళ్ల వేపుడు వారానికొకసారి, 25 గ్రాములు. చూడటానికి చారెడే, కానీ నీరంతా పోయి చిక్కబడ్డ సరుకు కాబట్టి దాంట్లో 185 దాకా ఉంటుంది.

ఆదివారం మాంసం 250 గ్రాములు, విడిగా కార్జం 100 గ్రాములు, ఒక బీరు. అన్నంతో కలిపి 550 పైమాటే. ఇందులో కార్జం వాటా ఒక్కటే 220.

కూర వండే తీరు కూడా లెక్కలోకి వస్తుంది. ఉడికించినప్పుడు ప్యూరిన్లలో కొంత నీళ్లలోకి దిగుతుంది. ఆ నీళ్లు పారబోస్తే తగ్గుతుంది, ఇగురులో మాత్రం అంతా కూరలోనే ఇంకిపోతుంది. పాయా, తలకాయ పులుసు, రొయ్య తలలు మరిగించిన రసం ఇంకా ఘోరం, ఎందుకంటే తాగేది ఆ నీళ్లనే.

పప్పు, పాలకూర, పుట్టగొడుగుల్లోనూ ప్యూరిన్లు ఉన్నాయి. కానీ వాటిని తినేవారిలో గౌట్ ఎక్కువగా వస్తున్నట్టు పెద్ద అధ్యయనాల్లో కనబడలేదు. కందిపప్పు, పాలకూర రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు. పాలు, పెరుగు, గుడ్లలో ప్యూరిన్లు దాదాపు సున్నా. వెన్న తీసిన పాలు యూరిక్ యాసిడ్ తగ్గడానికి సాయపడతాయి కూడా. టమాటా తిన్నప్పుడే నొప్పి వచ్చిందా అని అడిగితే లేదన్నారు, కనుక దానికీ అడ్డులేదు.

మందు, కూల్‌డ్రింకు

శనివారం 650 మి.లీ. స్ట్రాంగ్ బీర్లు రెండు, ఆదివారం ఒకటి, బుధవారం విస్కీ 90 మి.లీ. ఎనిమిది శాతం బీరు సీసాలో ఆల్కహాల్ 41 గ్రాములు, 30 మి.లీ. విస్కీ పెగ్గులో 10 గ్రాములు. మొత్తం వారానికి 150 గ్రాములు దాటుతోంది, అందులో 120కి పైగా ఒక్క రాత్రి, ఒక్క పగలులోనే.

బీరు రెండు వైపులా దెబ్బ తీస్తుంది. దానిలోనే ప్యూరిన్లు ఉంటాయి, పైగా ఆల్కహాల్ ఒంట్లో యూరిక్ యాసిడ్ తయారీని పెంచి, కిడ్నీ ద్వారా పోవడాన్ని తగ్గిస్తుంది. బీరు మాని విస్కీకి మారితే సరిపోతుందా అని రోగి అడిగారు. సరిపోదు. విస్కీలో ప్యూరిన్లు లేకపోయినా ఆ రెండో పని అదీ చేస్తుంది. మొదటి ఆరు నెలలు, యూరిక్ యాసిడ్ లక్ష్యానికి వచ్చేదాకా, ఏదీ వద్దు. నెలకొకసారైనా తప్పదన్నారు. తప్పనప్పుడు 60 మి.లీ. విస్కీ దాటకూడదు, పక్కన లీటరు నీళ్లు ఉండాలి, ఆ పూట మాంసం ఉండకూడదు. బీరు అసలే వద్దు. దీన్ని అనుమతిగా కాక హద్దుగా రాశాం.

రాత్రి నిద్ర ఆపుకోవడానికి 600 మి.లీ. కూల్‌డ్రింకు తాగుతున్నారు, అంటే 60 గ్రాములకు పైగా చక్కెర. అందులో సగం ఫ్రక్టోజ్. కాలేయం దాన్ని వాడుకునే క్రమంలోనే యూరిక్ యాసిడ్ పుడుతుంది. ఇది ప్యూరిన్ల పట్టికలో ఎక్కడా కనిపించదు కాబట్టే అందరి కళ్లూ దీన్ని దాటిపోతాయి. ప్యాకెట్ జ్యూస్, చెరకు రసం కూడా ఇదే కోవ. బదులుగా చక్కెర లేని కాఫీ రెండు కప్పులు తాగవచ్చు.

నీళ్లు రోజుకు లీటరుంపావే తాగుతున్నారు. చెరువు గట్టు మీద ఎండకు ఇది ఏమాత్రం చాలదు. రెండున్నర నుంచి మూడు లీటర్లు కావాలి. మూత్రం లేత పసుపులో ఉంటే చాలినట్టు. గుండె, కిడ్నీ జబ్బులు లేవు కాబట్టి ఈ పరిమాణానికి ఇబ్బంది లేదు.

బరువు

మందు, కూల్‌డ్రింకు రెండూ మానితేనే రోజుకు సగటున 400 కేలరీలు తగ్గుతాయి. రెండు పూటలా కలిపి బియ్యం 220 నుంచి 150 గ్రాములకు తగ్గించాలి, ఆ ఖాళీని కూరగాయలతో, పప్పుతో నింపాలి. వారానికి అరకిలో మించి తగ్గకూడదు. తొలి గమ్యం మూడు నెలల్లో 82 కిలోలు, ఆ తర్వాత 78. పూట మానడం, జావ ఉపవాసం, అన్నం పూర్తిగా మానే ఆహారం: మూడూ నిషిద్ధం. పాదంలో వాపు పూర్తిగా తగ్గాక గట్టు మీద అరగంట నడక, మెత్తని చెప్పులతో.

రోజువారీ తిండి

ఉదయం: ఇడ్లీ మూడు లేదా పెసరట్టు రెండు, అల్లం పచ్చడి, పాలు 150 మి.లీ. (టోన్డ్).
మధ్యాహ్నం: 75 గ్రాముల బియ్యపు అన్నం, 40 గ్రాముల కందిపప్పుతో పాలకూర పప్పు లేదా టమాటా పప్పు, కూర ఒక కప్పు, పెరుగు ఒక కప్పు.
సాయంత్రం: గుడ్డు ఒకటి, జామకాయ లేదా బత్తాయి ఒకటి. పండు కొరికి తినాలి, రసం తీయకూడదు.
రాత్రి, చెరువు మీద: 75 గ్రాముల బియ్యపు అన్నం, కూరగాయల కూర, మజ్జిగ.

రొయ్యలు వారానికి రెండుసార్లు, ఒలిచినవి 75 గ్రాములు. 50 కౌంట్, అంటే కిలోకు 50 తూగే రొయ్యకు తల, పొట్టు తీస్తే 11 గ్రాములు మిగులుతుంది, కనుక ఏడు రొయ్యలు. ఆయనకు కౌంట్ లెక్క కొట్టినపిండి కాబట్టి గ్రాముల కన్నా ఇలా చెబితేనే గుర్తుంటుంది. పట్టుబడి రోజుల్లో కూడా ఏడే. కోడి లేదా మాంసం ఆదివారం 100 గ్రాములు. ఆ రోజు రొయ్య వద్దు. కార్జం, బోటీ, భేజా, పాయా, ఎండు నెత్తళ్లు, ఎండు రొయ్యలు, కవళ్లు మానేయాలి. భీమవరంలో పండక్కి ఇంటికి వెళితే వీటిలో ఒకటైనా ఎదురుకాక మానదు. అప్పుడు వేపుడు ముక్క రెండు, పులుసు వద్దు.

యూరిక్ యాసిడ్ పరీక్షలు

లక్ష్యం 6 కంటే తక్కువ, అది కూడా ఎప్పటికీ. తిండి ఒక్కదాంతో సాధారణంగా ఒక మి.గ్రా. అటూఇటుగానే తగ్గుతుంది. 9.2 నుంచి 6 లోపుకు రావాలంటే మాత్ర తప్పదు. "పత్యం చేస్తున్నాను, మాత్ర ఆపేయవచ్చా" అన్నదానికి జవాబు ఇదే.

అల్లోప్యూరినాల్ మోతాదు పెంచడం డాక్టరు గారి నిర్ణయం. పెంచిన ప్రతిసారీ రెండు నుంచి ఐదు వారాల్లో పరీక్ష చేయించాలి. 6 లోపుకు వచ్చాక ఆరు నెలలకొకసారి. ఎప్పుడూ ఒకే ల్యాబ్, మాత్ర ఆపకుండా. నొప్పి వచ్చిన రోజున కాక, తగ్గిన రెండు వారాల తర్వాత.

మొదటి నెలల్లో యూరిక్ యాసిడ్ తగ్గుతుండగానే మళ్లీ నొప్పి రావచ్చు. పాత స్ఫటికాలు కరిగి కదలడం వల్ల ఇలా అవుతుంది. కాల్చిసిన్ ఇచ్చింది అందుకే. మాత్ర పడలేదని ఆ రోజు అల్లోప్యూరినాల్ మానడమే జనం ఎక్కువగా చేసే పొరపాటు. అయితే ఒంటి మీద దద్దుర్లు, జ్వరం, నోట్లో పుండ్లు వస్తే మాత్రం వెంటనే మాత్ర ఆపి, అదే రోజు ఆసుపత్రికి రావాలి.

తర్వాతి రాక

జూన్ 2: బరువు, నడుము, బీపీ, యూరిక్ యాసిడ్, ఆ వారం తిన్నవాటి కాగితం. కూల్‌డ్రింకు సీసాల సంఖ్య విడిగా రాయాలి. జూలై 14: పై వాటితో పాటు క్రియాటినిన్, లివర్ పరీక్షలు. రెండుసార్లూ భార్య కూడా రావాలి, ఎందుకంటే రొయ్యల గిన్నె ఆవిడ చేతిలో ఉంది.